మీటింగ్ లో పేరు, తేదీ ఎవరూ చెప్పలేదు... మరి ట్రాన్స్‌క్రిప్ట్ నుండి పనుల లిస్ట్ తీయడం ఎలా?

ఈ రోజుల్లో మీటింగ్ రికార్డ్ చేయడం పెద్ద పనేం కాదు. ఫోన్ టేబుల్ మీద పెట్టి రికార్డర్ ఆన్ చేస్తే చాలు, మాటలన్నీ టెక్స్ట్ గా వచ్చేస్తాయి. ఆ టెక్స్ట్ ని ఏదో ఒక ఏఐ సమ్మరీ యాప్ లో అప్‌లోడ్ చేస్తే, ఏ పని ఎవరు ఎప్పటిలోగా చేయాలో ఒక నీట్ టేబుల్ కూడా ఇచ్చేస్తుంది. నేను కూడా అలాగే చేశాను. కానీ ఆ టేబుల్ వల్ల మా అపార్ట్‌మెంట్ లో ఒక పెద్దావిడ దాదాపు 40 నిమిషాలు లిఫ్ట్ లో ఇరుక్కుపోయారు. అసలేం జరిగిందో, ఆ తర్వాత నేను లిస్ట్ తీసే పద్ధతి ఎలా మార్చుకున్నానో ఈ ఆర్టికల్ లో వివరంగా చెప్తాను.

అసలేం జరిగింది?

6వ తేదీ ఆదివారం మా అపార్ట్‌మెంట్ మీటింగ్ జరిగింది. అందరికీ చెప్పే నా ఫోన్ లో రికార్డ్ చేశాను. 48 నిమిషాల ఆడియో వచ్చింది. మంగళవారం తీరిక దొరికాక ట్రాన్స్‌క్రిప్ట్ ని ఒక సమ్మరీ యాప్ లో వేశాను. నాలుగు పనులు, ప్రతి పని పక్కన ఒక పేరు, ఒక తేదీతో టేబుల్ వచ్చింది. ఒక్క గడి కూడా ఖాళీ లేదు. చూడముచ్చటగా ఉందని అలాగే వాట్సాప్ గ్రూప్ లో పెట్టేశాను.

అందులో మొదటి పని లిఫ్ట్ ఏఎంసీ రెన్యువల్. పక్కన ట్రెజరర్ గారి పేరు, 30వ తేదీ ఉన్నాయి. సెక్రటరీ గారు అది చూసి, ట్రెజరర్ గారు చూసుకుంటున్నారు కదా అని నిశ్చింతగా ఉన్నారు. ట్రెజరర్ గారు అసలు ఆ ఫైల్ ఓపెన్ కూడా చేయలేదు. 12వ తేదీతో కాంట్రాక్ట్ ముగిసిపోయింది. 17న లిఫ్ట్ మధ్యలో ఆగింది, లోపల 402 ఫ్లాట్ పెద్దావిడ ఉన్నారు. సర్వీస్ వాళ్లకి ఫోన్ చేస్తే, కాంట్రాక్ట్ లేదు కాబట్టి ముందు విజిట్ ఛార్జీ కట్టమన్నారు. ఆ మాటల్లోనే చాలా టైమ్ పోయింది.

సాయంత్రం ట్రెజరర్ గారు నన్ను పిలిచి, "బాబూ, నేను చేస్తానని ఎప్పుడన్నాను?" అని అడిగారు. నేను ట్రాన్స్‌క్రిప్ట్ ఓపెన్ చేసి మొదటి నుండి చివరి వరకు చదివాను. ఆయన అనలేదు. 30వ తేదీ అని కూడా ఎవరూ అనలేదు.

ట్రాన్స్‌క్రిప్ట్ లో ఉన్నది ఇదీ

మా మీటింగ్ లో లిస్ట్ కి సంబంధించిన మాటలు ఇవే. మీరు కూడా చదివి, ఎవరు ఏం ఒప్పుకున్నారో ఒకసారి చూడండి.

21:40 – సెక్రటరీ: లిఫ్ట్ ఏఎంసీ అయిపోవస్తోంది, రెన్యూ చేయించాలి.
22:05 – ట్రెజరర్: పోయినసారి నేనే కట్టాను, రసీదు నా దగ్గరే ఉంది.
22:18 – సెక్రటరీ: సరే, అది చూద్దాం. సంపు సంగతేంటి?
23:02 – 104 ఫ్లాట్: ప్లంబర్ తో రేపు నేను మాట్లాడతా.
23:15 – సెక్రటరీ: మంచిది. నీళ్లు ఆపేటప్పుడు నోటీసు మేము పెడతాం.
31:30 – 201 ఫ్లాట్: సీసీ కెమెరాలకి పండగ లోపు కొటేషన్లు తెస్తే బాగుంటుంది.

ఇప్పుడు యాప్ ఇచ్చిన టేబుల్ చూడండి. లిఫ్ట్ – ట్రెజరర్ – 30. ప్లంబర్ – 104 – 9. నోటీసు – సెక్రటరీ – 13. కెమెరాలు – 201 – 30. పేర్లు, తేదీలు కలిపి మొత్తం ఎనిమిది గడులు. ఇందులో పూర్తిగా కరెక్ట్ అయినది ఒక్కటే, ప్లంబర్ పక్కన ఉన్న 104. మిగతా ఏడింటిలో కొన్ని సగం నిజం, కొన్ని పూర్తిగా కల్పితం.

యాప్ ఎందుకు ఇలా నింపేస్తుంది?

సింపుల్ గా చెప్పాలంటే, టేబుల్ లో `Owner`, `Due date` అని కాలమ్స్ ముందే ఉంటాయి. ఈ ఏఐ మోడల్స్ పని చేసేదే చుట్టూ ఉన్న మాటల్ని బట్టి అక్కడ ఏది సరిపోతుందో అంచనా వేయడం మీద. ఖాళీ గడి కనిపిస్తే, ఆ పని గురించి దగ్గర్లో మాట్లాడిన మనిషి పేరు అక్కడికి సరిపోతుంది. తేదీ లేకపోతే నెలాఖరు సరిపోతుంది. అది అబద్ధం చెప్పాలని చెప్పదు, ఖాళీగా వదలమని దానికి ఎవరూ చెప్పలేదు, అంతే.

మా ట్రెజరర్ గారి విషయంలో జరిగింది అదే. "నేనే కట్టాను" అన్నది జరిగిపోయిన సంగతి. యాప్ దాన్ని జరగబోయే బాధ్యతగా మార్చేసింది. 201 వాళ్లు "తెస్తే బాగుంటుంది" అన్నది ఒక కోరిక. ఎవరైనా తెస్తే బాగుంటుందని అన్నందుకు ఆ పని వాళ్ల నెత్తినే పడింది. మీటింగ్ లో నోరు విప్పినవాళ్లకే పని తగిలించడం అంటే ఇదే!

ఇంకో చిన్న తమాషా. అపార్ట్‌మెంట్ లో ఓనర్ అంటే ఫ్లాట్ ఓనర్ అనే అర్థం. ఆ కాలమ్ చూసి ఇద్దరు అది ఫ్లాట్ల లిస్ట్ అనుకున్నారట. అందుకే ఇప్పుడు నేను ఆ కాలమ్ కి 'బాధ్యులు' అని పెడుతున్నాను.

మొదటి స్టెప్: సరైన ఫైల్ తీసుకోండి

లిస్ట్ తీసే ముందు మీ చేతిలో టైమ్ ఉన్న ట్రాన్స్‌క్రిప్ట్ ఉండాలి. టీమ్స్ లో అయితే `.vtt` లేదా `.docx` గా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. జూమ్ క్లౌడ్ రికార్డింగ్ కి `.vtt` ఫైల్ వస్తుంది. గూగుల్ మీట్ ట్రాన్స్‌క్రిప్ట్ గూగుల్ డాక్స్ లో సేవ్ అవుతుంది. `.vtt` ఫైల్ ని మామూలు టెక్స్ట్ ఎడిటర్ లో ఓపెన్ చేస్తే ఇలా కనిపిస్తుంది.

```
WEBVTT

00:22:05.000 --> 00:22:11.000
<v Speaker 3>పోయినసారి నేనే కట్టాను, రసీదు నా దగ్గరే ఉంది.</v>
```

ఇక్కడ ముందుగా చూడాల్సింది `Speaker 3` ఎవరు అన్నది. ఆన్‌లైన్ మీటింగ్ లో ఒక్కొక్కరు వాళ్ల అకౌంట్ తో వస్తారు కాబట్టి పేర్లు సాధారణంగా సరిగ్గానే ఉంటాయి. టేబుల్ మీద ఒకే ఫోన్ పెట్టి రికార్డ్ చేస్తే మాత్రం గొంతును బట్టి విడదీయాలి, అక్కడే తేడా వస్తుంది. మా మీటింగ్ లో తొమ్మిది మంది ఉంటే ట్రాన్స్‌క్రిప్ట్ లో నలుగురే కనిపించారు. స్పీకర్ల సంఖ్య, వచ్చిన మనుషుల సంఖ్య కలవకపోతే ఆ పేర్లని నమ్మకండి. పనికి సంబంధించిన వాక్యాల దగ్గర మాత్రం ఆడియో విని పేరు సరిచేసుకోండి. మొత్తం వినక్కర్లేదు. నాకు ఆ ఆరు చోట్లా కలిపి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు.

రెండో విషయం, తెలుగు మీటింగ్ అయితే ఇంగ్లీష్ లోకి అనువాదమైన ట్రాన్స్‌క్రిప్ట్ వాడకండి. ఎందుకో తర్వాతి స్టెప్ లో తెలుస్తుంది.

రెండో స్టెప్: క్రియ చివర చూడండి

మన భాషలో ఒక సౌకర్యం ఉంది. పేరు చెప్పకపోయినా, 'నేను' అనకపోయినా, పని ఎవరిదో చాలాసార్లు క్రియ చివరే తెలిసిపోతుంది.

"మాట్లాడతా", "పంపిస్తాను" అంటే మాట్లాడుతున్న మనిషే బాధ్యులు. ఇది మాట ఇచ్చినట్టే.

"పెడతాం", "చేస్తాం" అంటే ఒక గుంపు. అయితే ముందు 'మేము' ఉందా, 'మనం' ఉందా చూడాలి. సెక్రటరీ గారు "మేము పెడతాం" అన్నారు, అంటే కమిటీ వాళ్లు పెడతారు, మిగతావాళ్లకి సంబంధం లేదు. అదే "మనం పెడదాం" అని ఉంటే వింటున్నవాళ్లు కూడా అందులో ఉన్నట్టే, అంటే ఎవరి పనీ కానట్టే. ఇంగ్లీష్ లోకి మార్చితే రెండూ ఒకే మాట అయిపోతాయి, ఆ తేడా మాయమవుతుంది. అందుకే అనువాదం వద్దన్నాను.

"చూద్దాం", "చేద్దాం" అంటే ఒప్పుకున్నది పని మాత్రమే, మనిషి లేడు. నిజం చెప్పాలంటే మన మీటింగుల్లో "చూద్దాం" అంటే టాపిక్ మార్చడానికే ఎక్కువ వాడతాం. మా లిఫ్ట్ పని అక్కడే జారిపోయింది.

"చేయించాలి", "కట్టాలి" అంటే పని ఉంది, మనిషి లేడు. "తెస్తే బాగుంటుంది" అంటే అది ఇంకా పని కూడా కాదు, సలహా మాత్రమే. "కట్టాను", "చేశాను" అంటే అయిపోయిన పని, లిస్ట్ లోకి రాకూడదు.

డాక్స్ లో గానీ, ఎడిటర్ లో గానీ సెర్చ్ బాక్స్ లో తా, దాం, చాలి, టాలి, యాలి, వాలి, బాగుంటుంది అని ఒక్కొక్కటే వెతకండి. అనవసరమైనవి కూడా చాలా వస్తాయి, పర్వాలేదు. పని ఉన్న వాక్యం అనిపించిన ప్రతిదాన్ని, దాని టైమ్ తో సహా వేరే చోట పేస్ట్ చేసుకోండి. "ఓకే, డన్" లాంటి మాటలు ఈ వెతుకులాటలో దొరకవు కాబట్టి, ప్రతి వాక్యానికి ముందు వెనుక రెండు మూడు లైన్లు చదవడం మర్చిపోవద్దు.

మూడో స్టెప్: ప్రతి గడికి ఆధారం

ఇప్పుడు టేబుల్ వేసుకోండి. నా రూల్ ఒక్కటే. పేరు అయినా తేదీ అయినా పక్కన మూడింటిలో ఒక గుర్తు ఉండాలి: 'చెప్పారు', 'ఊహ', 'ఖాళీ'. చెప్పారు అంటే నిమిషం, సెకను చూపించగలగాలి. ఊహ అంటే దేన్ని బట్టి ఊహించానో రాయాలి. రెండూ కుదరకపోతే ఖాళీ. ఖాళీ గడి తప్పు కాదు. మీటింగ్ లో ఆ విషయం తేలలేదు అన్న సమాచారం అదే.

బాధ్యుల విషయంలో రెండు సందర్భాల్లోనే 'చెప్పారు' అని పెడతాను. ఒకటి, ఆ మనిషే చేస్తానని అనడం. రెండు, ఇంకొకరు అడిగితే ఆ మనిషి ఒప్పుకోవడం. అడగడం ఒక్కటే ఉంటే సరిపోదు. "మీరు చూస్తారా?" అన్నాక ట్రాన్స్‌క్రిప్ట్ లో ఏమీ లేకపోతే, అది మౌనమా లేక తల ఊపారా అన్నది టెక్స్ట్ చెప్పదు. "ఊ" అన్నా సరే, ఆడియో వినండి. ఒప్పుకున్న "ఊ" వేరు, వింటున్నాను అనే "ఊ" వేరు.

తేదీ విషయంలో ఎక్కువ తప్పులు 'రేపు', 'వచ్చే ఆదివారం' లాంటి మాటల దగ్గర వస్తాయి. వీటిని మీటింగ్ జరిగిన రోజు నుండి లెక్కపెట్టాలి. 104 వాళ్లు ఆదివారం "రేపు" అన్నారు, అంటే 7వ తేదీ. నేను అప్‌లోడ్ చేసింది 8న. యాప్ అక్కడి నుండి లెక్కేసి 9 అని రాసింది. ఫైల్ లో మీటింగ్ తేదీ లేకపోతే దానికి వేరే దారి లేదు. అందుకే ఇప్పుడు ట్రాన్స్‌క్రిప్ట్ మొదటి లైన్ లోనే మీటింగ్ తేదీ, వారం నేనే టైప్ చేస్తున్నాను. ఇక "పండగ లోపు" అన్నది వినడానికి తేదీలాగే ఉంటుంది కానీ, వినాయక చవితా, దసరానా అన్నది అడిగితే తప్ప తెలియదు. అది ఖాళీనే.

ఊహకి కూడా పద్ధతి ఉంది

అన్నీ ఖాళీగా వదిలేస్తే లిస్ట్ వల్ల ఉపయోగం ఉండదు. కానీ ఊహకి ఆధారం ట్రాన్స్‌క్రిప్ట్ బయట వెతకాలి. లిఫ్ట్ సంగతే తీసుకుందాం. "అయిపోవస్తోంది" అన్నారే గానీ ఎప్పుడో చెప్పలేదు. కానీ ఆ తేదీ ఏఎంసీ కాగితం మీద ఉంది: 12. మా అసోసియేషన్ చెక్కు మీద ఇద్దరి సంతకాలు కావాలి, దానికి రెండు రోజులు పడుతుంది. చెక్కు ఇచ్చాక కంపెనీ వాళ్ల నుండి రసీదు రావడానికి ఇంకో రోజు. అంటే 9వ తేదీకి పని మొదలవ్వాలి. నేను టేబుల్ పెట్టింది 8న. ఆ రోజే ఆ కాగితం చూసి ఉంటే ఇంకా ఒక రోజు చేతిలో ఉండేది. యాప్ రాసిన 30వ తేదీ ఎంత ప్రమాదమో ఇప్పుడు చూడండి. ట్రెజరర్ గారు ఆ టేబుల్ చూసి ఒప్పుకుని, చెప్పిన తేదీకే కట్టినా, కాంట్రాక్ట్ 18 రోజుల ముందే ముగిసిపోయి ఉండేది. ఖాళీగా ఉంటే ఎవరో ఒకరు అడిగేవాళ్లు. తప్పు తేదీ ఉండటం వల్ల ఎవరూ అడగలేదు.

అలాగే మనిషి విషయంలో. పోయినసారి డబ్బు కట్టింది ట్రెజరర్ గారు, కానీ కాంట్రాక్ట్ మీద సంతకం సెక్రటరీ గారిది. కాబట్టి 'ఊహ – సెక్రటరీ, ఆధారం: పాత కాంట్రాక్ట్' అని రాయాలి. ట్రాన్స్‌క్రిప్ట్ మాత్రమే చూస్తే ఎవరికైనా ట్రెజరర్ గారే తడతారు.

ఈ పద్ధతిలో మా టేబుల్ ఇలా మారింది.

లిఫ్ట్: బాధ్యులు సెక్రటరీ (ఊహ, పాత కాంట్రాక్ట్). తేదీ 9 (ఊహ, ఏఎంసీ కాగితం).
ప్లంబర్: బాధ్యులు 104 (చెప్పారు, 23:02). తేదీ 7 (చెప్పారు, 23:02).
నోటీసు: బాధ్యులు కమిటీ (చెప్పారు, 23:15), మనిషి ఖాళీ. తేదీ ఖాళీ, ప్లంబర్ వచ్చే రోజు తెలిశాకే.
కెమెరాలు: ఇంకా పని కాదు, సలహా (31:30). రెండూ ఖాళీ.

నోటీసు దగ్గర ఒక సంగతి గమనించండి. దాని తేదీ ఇంకో పని మీద ఆధారపడి ఉంది. అక్కడ అంకె వేయడం కన్నా దేని తర్వాతో రాయడమే కరెక్ట్.

నాలుగో స్టెప్: గ్రూప్ లో పెట్టే ముందు అడగండి

ఊహ, ఖాళీ ఉన్న వరసల్ని లిస్ట్ లో పైకి తెస్తాను, ఎందుకంటే జారిపోయేవి అవే. ఆ తర్వాత గ్రూప్ లో "ఎవరు చేస్తారు?" అని అడగను. అలా అడిగితే అందరూ చూస్తారు, ఎవరూ రాయరు. ఒక్కొక్కరికి విడిగా, అవును లేదా కాదు అని చెప్పగలిగేలా మెసేజ్ పెడతాను. ఉదాహరణకి ఇలా:

"సెక్రటరీ గారూ, లిఫ్ట్ ఏఎంసీ 12తో అయిపోతోంది. రెన్యూ చేయించాలని మీటింగ్ లో మీరన్నారు, ఎవరు చేయాలన్నది మాత్రం తేలలేదు. పాత కాంట్రాక్ట్ మీద సంతకం మీదే కాబట్టి మీరే చూస్తారా? కుదరదంటే ట్రెజరర్ గారిని అడుగుతాను. ఈ సాయంత్రం లోపు చెప్తే లిస్ట్ లో రాస్తాను."

జవాబు వచ్చాకే 'ఊహ' తీసేసి 'ఒప్పుకున్నారు' అని మారుస్తాను. తర్వాతి నెల మీటింగ్ కి ఇలాగే చేస్తే, ఇద్దరు నాకు కుదరదని ముందే చెప్పేశారు. అది కూడా మంచిదే కదా, పని ఆగిపోయాక తెలిసే కన్నా.

మరి యాప్ వాడకూడదా?

వాడొచ్చు, నేను ఇప్పటికీ వాడుతున్నాను. గంట మీటింగ్ లో పని ఉన్న వాక్యాలు వెతికిపెట్టడంలో అది మనకంటే ఫాస్ట్. కాకపోతే టెంప్లేట్ మార్చుకునే ఆప్షన్ ఉన్న యాప్ అయితే 'అన్న వాక్యం', 'టైమ్' అనే రెండు కాలమ్స్ కలపండి, చెప్పని చోట ఖాళీగా వదలాలని టెంప్లేట్ లోనే రాయండి. దీనివల్ల తప్పులు తగ్గుతాయి గానీ పూర్తిగా పోవు. టైమ్ ఒకటి ఉండి, అక్కడ వాక్యం వేరేది ఉండటం కూడా నేను చూశాను.

అందుకే చివర్లో రెండు నిమిషాల చెక్ తప్పనిసరి. టేబుల్ లో ఉన్న ప్రతి తేదీకి, ఆ తేదీ గానీ, 'రేపు', 'లోపు', వారం పేరు లాంటి మాట గానీ ట్రాన్స్‌క్రిప్ట్ లో ఉందేమో సెర్చ్ చేయండి. ఒక్క రిజల్ట్ కూడా రాకపోతే ఆ తేదీ యాప్ సొంతంగా పుట్టించిందే. తర్వాత ప్రతి పేరు దగ్గర, ఆ టైమ్ లో ఆ మనిషి "చేస్తా" అన్నారా, "చేశాను" అన్నారా చూడండి. ఆ రోజు నేను ఈ ఒక్క చెక్ చేసి ఉంటే, 22:05 దగ్గర "కట్టాను" కనిపించేది. ట్రెజరర్ గారి పేరు ఆ గడిలో ఉండేది కాదు.